అర వీశె బెల్లం, అమెరికా పొయ్యి

అమ్మమ్మ చేతిరాతలో ఉన్న అరిసెల కాగితాన్ని మనవరాలికి ఇంగ్లీషులో పెట్టాలంటే ముందు తవ్వలు, వీశెలు, ఘడియలు, పాకాలు లెక్క తేలాలి. ఆ లెక్క తేల్చిన తీరు ఇది.

"పిన్నీ, అరిసెలకి బెల్లం పదకొండు వీశెలా?"

డెన్వర్‌లో చదువుకుంటున్న మా అక్క కూతురు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల అమ్మమ్మ, అంటే మా పెద్దమ్మ, పెళ్లయిన కొత్తలో అత్తగారు చెబుతుంటే నోట్‌బుక్కులో రాసుకున్న అరిసెల పేజీని ఎవరో ఫోన్‌తో ఫొటో తీసి పంపారు. పిల్లకి తెలుగు చదవడం వచ్చు. కూడబలుక్కుని చదివితే బియ్యం రెండు తవ్వలు, బెల్లం పదకొండు వీశెలు అని తేలింది. వీశె అంటే కిలోన్నరకి కాస్త తక్కువని ఎక్కడో చూసి హెచ్చవేస్తే పదిహేను కిలోల పైచిలుకు బెల్లం వచ్చింది. రెండు తవ్వల బియ్యానికి అంత బెల్లం పడదని వంట రానివాళ్లకీ తెలుస్తుంది. అందుకే అడిగింది. అడగడం మంచిదైంది, ఎందుకంటే తక్కిన కొలతల్లో అంత పెద్ద తేడా లేక ఎవరికీ అనుమానం రాకుండా జారిపోయేవి.

పేజీ మొత్తం పది లైన్లే. పైన సరుకులు: కొత్త బియ్యం 2 తవ్వలు, బెల్లం ॥ వీశె, నువ్వులు గిద్దెడు, నెయ్యి చిన్న గరిటెడు, యాలకులు అణావి. కింద పద్ధతి: బియ్యం మూడు పూటలు నానవలెను. వార్చి, ఆరీ ఆరకముందే దంచి జల్లించవలెను. ఉండ పాకం రాగానే కట్టెలు లాగి దించవలెను. పాకం పట్టినంత పిండి పోయవలెను. ఘడియ ఆగి వత్తి, నూనెలో వేసి, పొంగినాక నొక్కవలెను.

రాసుకున్నావిడకి ఇది చాలు. డెన్వర్ వంటింట్లో ఎలక్ట్రిక్ పొయ్యి, మిక్సీ, గ్రాముల త్రాసు ఉన్న పిల్లకి మాత్రం ఇందులో ఒక్క లైనూ ఉన్నదున్నట్టు పనికిరాదు.

రెండు గీతల లెక్క

పదకొండుగా కనిపించినవి నిజానికి రెండు నిలువు గీతలు. పాత పద్దుల్లో ఒక నిలువు గీత అంటే పావు, రెండు గీతలు అర, మూడు గీతలు ముప్పావు. పదహారో వంతు దగ్గరికి వస్తే గీత అడ్డంగా పడుకుంటుంది: ఒక అడ్డగీత వీసం, రెండయితే పరక. కిరాణా కొట్టు చిట్టాల్లో, పాలేళ్ల జీతాల పద్దుల్లో, ఇంటి ఖర్చుల పుస్తకాల్లో అందరూ ఇలాగే రాసేవారు. తెలుగు భిన్నాల గుర్తులకు 2008లో యూనికోడ్‌లోనూ చోటు దొరికింది కానీ బడిలో ఎవరూ నేర్పరు కాబట్టి కొత్తతరం కంటికి అవి ఒకట్లుగానే కనిపిస్తాయి. "1॥ తవ్వ" అని ఉంటే నూటపదకొండు తవ్వలని చదివే ప్రమాదం ఉంది. అది ఒకటిన్నర తవ్వ.

పాత రాతలో మరో రెండు చోట్ల కన్ను మోసపోతుంది. తెలుగు అంకెల్లో రెండూ మూడూ (౨, ౩) చేతిరాతలో దాదాపు ఒకేలా ఉంటాయి. కింది తోక ఎటు తిరిగిందో ఆ పేజీలోనే మరోచోట ఉన్న అదే అంకెతో పోల్చి చూసుకోవాలి. రెండోది వలపలగిలక. "వార్చి" అన్న మాటలో రకారాన్ని పాతవాళ్లు అక్షరం తర్వాత చిన్న మెలికగా రాస్తారు. అది తెలుగు తొమ్మిది (౯) లాగే ఉంటుంది. సరుకుల పక్కన అలాంటి మెలిక కనిపిస్తే అది అంకెనా అక్షరమా అని ఆగి చూడాలి.

వీటిలో సగం చిక్కులు ఫొటో బాగా తీస్తే తీరిపోతాయి. వంటల నోట్‌బుక్కులో నూనె మరకలు తప్పవు. నూనె పట్టిన కాగితం పలచబడి వెనక పేజీ రాత ఇటు కనిపిస్తుంది, రెండు రాతలూ కలిసిపోతాయి. పేజీ వెనక నల్ల కాగితం పెట్టి తీస్తే వెనక రాత చాలావరకు కనపడదు. కిటికీ పక్కన పగటి వెలుగు ఒక వైపు నుంచి పడేలా, ఫ్లాష్ లేకుండా, అంచులతో సహా తీయాలి. మా మొదటి ఫొటోలో అంచు తెగిపోయింది. అంచున "తలకొట్టి" అని చిన్నగా రాసి ఉన్న సంగతి రెండో ఫొటోలోనే బయటపడింది. దాని అవసరం ముందు వస్తుంది.

తూకాలు తేలిక, కొలతలు కష్టం

పాత లెక్కల్లో రెండు జాతులున్నాయి. తూచేవి, కొలిచేవి. తూచేవాటికి అంతటికీ తులమే పునాది. బ్రిటిష్ వారి కాలంలో తులం బరువు, వెండి రూపాయి బరువు ఒకటే: 180 గ్రెయిన్లు, మన లెక్కలో 11.66 గ్రాములు. మద్రాసు రాష్ట్రంలో మూడు తులాలు ఒక పలం, ఎనిమిది పలాలు ఒక సేరు, అయిదు సేర్లు ఒక వీశె. అంటే వీశెకి 120 తులాలు, 1.4 కిలోలు. కోస్తా జిల్లాల కాగితాల్లో ఈ లెక్క పనిచేస్తుంది. పెద్దమ్మది తెనాలి ప్రాంతం కాబట్టి అర వీశె అంటే 700 గ్రాములు.

సేరు దగ్గర మాత్రం ఊరు అడగకుండా ముందుకు పోకూడదు. మద్రాసు వైపు సేరుకి 24 తులాలే, 280 గ్రాములు. 80 తులాల సేరు చెల్లిన హైదరాబాద్ వైపు అదే మాట 933 గ్రాములవుతుంది. ఒకే మాటకి మూడింతలకు పైగా తేడా. తెనాలి అమ్మమ్మ రాసిన సేరు బెల్లాన్ని కరీంనగర్ లెక్కతో మారిస్తే అరిసెలు అరిసెలుగా మిగలవు. పైగా సేరు అన్న మాటని కొన్నిచోట్ల తూకానికీ, గింజలు కొలిచే పాత్రకీ కూడా వాడారు. బెల్లం, నెయ్యి, చింతపండు పక్కన సేరు ఉంటే తూకం అనుకోవచ్చు. బియ్యం, పప్పుల పక్కన ఉంటే కొలపాత్ర కావచ్చు, అడిగి తెలుసుకోవాలి.

ఇక కొలిచేవి. వరస అందరికీ ఒకటే: నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. వరస తెలిసినంత మాత్రాన చాలదు. సోలలో ఎన్ని మిల్లీలీటర్లు పడతాయన్నది జిల్లాకి, సంతకి, ఒక్కోసారి ఇంటికి కూడా మారుతుంది. మన దేశంలో మెట్రిక్ పద్ధతికి చట్టం 1956లో వచ్చింది, 1958 అక్టోబరు నుంచి అంచెలంచెలుగా అమలైంది. అంతకుముందు వాడుకలో ఉన్న పాత్రలన్నిటికీ ఒకే ఖాయం లేదు. కాబట్టి పుస్తకంలో చూసి తవ్వకి ఇన్ని గ్రాములని రాసేయడం కంటే ఆ ఇంటి పాత్రని వెతకడం మేలు.

పెద్దమ్మ సోల ఇంకా బియ్యం డబ్బాలోనే ఉంది. "ఈ వయసులో కొలత మార్చుకుని ఏం చేస్తానే, చెయ్యి దీనికే అలవాటైపోయింది," అంది. దాన్ని వంటింటి త్రాసు మీద పెట్టి, బరువు సున్నా చేసి, అంచుదాకా నీళ్లు నింపితే 290 గ్రాములు తూగింది. నీళ్లకి గ్రాము, మిల్లీలీటరు ఒకటే కాబట్టి సోల అంటే ఆ ఇంట్లో 290 మిల్లీలీటర్లు. దానికే బియ్యం పోసి, పైన వేలితో చదును చేసి తూచితే 245 గ్రాములు. నాలుగు సోలలు రెండు తవ్వలు. కిలోకి ఇరవై గ్రాములు తక్కువ.

అంచున ఉన్న "తలకొట్టి" అన్న మాట ఇక్కడ పనికొచ్చింది. పాత్ర పైన గుట్టగా నిలిచిన గింజల్ని వేలితోనో కర్రతోనో గీసేసి కొలవడమే తలకొట్టడం. అలా గీయకుండా గుట్టగా పోస్తే చిన్న పాత్రలో తేడా బాగా పెరుగుతుంది. కాగితంలో ఆ మాట లేకపోతే అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

బెల్లమే సాక్ష్యం

అందరి ఇళ్లలో సోల మిగిలి ఉండదు. పాత సామాన్లతో పాటు ఎప్పుడో అమ్మేసి ఉంటారు. అప్పుడు కాగితంలోనే ఉన్న మరో సరుకు సాయం తీసుకోవాలి. తూకంలో రాసిన సరుకు ఒక్కటి దొరికినా చాలు, తెలియని కొలత దాని వెంట తేలుతుంది.

అరిసెకి బెల్లం ఎంత పడుతుందన్నదానికి ఒక హద్దుంది. పొడి బియ్యం బరువులో అరవై నుంచి ఎనభై శాతం దాకా బెల్లం ఉంటే అరిసె నిలుస్తుంది. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లమని ఇళ్లలో చెప్పుకునే లెక్క కూడా దీనిలోనే పడుతుంది. బెల్లం తగ్గితే చలిమిడి ముద్దగా కూడదు, వత్తుతుంటే అంచులు పగులుతాయి. మరీ ఎక్కువైతే నూనెలో వేయగానే అరిసె చెదిరి అడుగున ముద్ద చేరుతుంది.

ఈ హద్దుని మన కాగితం మీద పెట్టి చూద్దాం. బెల్లం 700 గ్రాములు. సోల దొరక్కపోయినా, బెల్లం డెబ్భై శాతం అనుకుంటే బియ్యం కిలో ఉండాలి, అంటే తవ్వ అర కిలో. సోల తూచితే వచ్చిన లెక్క కూడా దాదాపు ఇదే. ఇప్పుడు ఆ గీతల్ని మరోసారి పరీక్షించవచ్చు. ఒకే గీత అయితే పావు వీశె, 350 గ్రాములు. కిలో బియ్యానికి ఏమాత్రం చాలదు. మూడు గీతలైతే 1,050 గ్రాములు. బియ్యాన్ని మించిన బెల్లం, నూనెలో కరిగిపోతుంది. కాబట్టి ఫొటోలో మసకగా ఉన్నా అవి రెండు గీతలే. చేతిరాత సందేహాన్ని వంట లెక్క తీర్చింది.

ఒక్క సరుకుని విడిగా మార్చుకుంటూ పోతే ఈ తనిఖీ కుదరదు. రెండు ప్రధాన సరుకుల నిష్పత్తి ముందు రాసుకుని, అది ఆ వంటకి నప్పుతుందో లేదో చూశాకే మిగతా అంకెలు వేయాలి.

అణా యాలకులు ఎన్ని?

సోల 290 మిల్లీలీటర్లైతే గిద్దె దాదాపు 73. నువ్వులు అంత పోస్తే 45 గ్రాముల దరిదాపు తూగాయి. చిన్న గరిటె కూడా పెద్దమ్మ ఇంట్లోనే ఉంది, నీళ్లతో కొలిస్తే 40 మిల్లీలీటర్లు పట్టింది. గరిటె దొరకనివాళ్లు కంగారు పడనక్కర్లేదు. చలిమిడి చేతికి అంటకుండా, అరిసె మెత్తగా ఉండటానికి వేసే నెయ్యి అది. కాస్త అటూ ఇటూ అయినా ముప్పు లేదు.

యాలకులు అణావి అన్నది మాత్రం కొలత కాదు, ధర. రూపాయికి పదహారు అణాలున్న కాలంలో కొట్టువాడు అణాకి ఎన్ని యాలకులు పొట్లం కట్టేవాడో ఇప్పుడు లెక్క తేలదు. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చాక కూడా జనం నోట అణాలు చాలాకాలం ఉన్నాయి కాబట్టి ఏ ఏడాది ధరో కూడా చెప్పలేం. ఇలాంటి చోట అంకె కల్పించకుండా వంట చేసే మనిషినే అడగాలి. "కిలోకి పది పన్నెండు కాయలు దంచి వేస్తాను, అంతకు మించితే బెల్లం వాసన పోతుంది," అంది పెద్దమ్మ. ఇంగ్లీషు కాగితంలో అదే రాశాం, పక్కన అణావి అన్న పాత మాటనీ ఉంచాం.

కొన్ని ఇళ్లలో నువ్వుల బదులు గసగసాలు అద్దుతారు. అమెరికాలో గసగసాలు కొట్లో దొరుకుతాయి. దుబాయ్, సింగపూర్‌లలో వాటికి నిషేధం ఉంది. అక్కడి పిల్లలకు పంపే కాగితంలో నువ్వులే రాయాలి, ఇక్కడి నుంచి పొట్లం కట్టి పంపకూడదు.

తడి పిండి దగ్గర తప్పుతుంది

సరుకుల లెక్క తేలింది. అసలు పరీక్ష పద్ధతిలో ఉంది. విదేశాల్లో అరిసెలు చెడిపోవడానికి మొదటి కారణం పొడి బియ్యప్పిండి పొట్లం. పాత కాగితాల్లో పిండి అని మాత్రమే ఉంటుంది, దాన్ని ఇంగ్లీషులో రైస్ ఫ్లోర్ అని రాస్తే పిల్లలు నేరుగా కొట్టుకి వెళతారు. నానిన బియ్యం తన బరువులో నాలుగో వంతు దాకా నీళ్లు పట్టుకుంటుంది. ఆ చెమ్మతో పాకంలో పడ్డ పిండి మెత్తగా కలుస్తుంది. పొడి పిండి అయితే పాకంలో ఉన్న నీటినే పీల్చుకుని, చల్లారేసరికి గట్టిపడుతుంది. అందుకని కాగితంలో తడి పిండి అనీ, దుకాణం పిండి వద్దనీ విడిగా రాయాలి.

మూడు పూటలు అంటే ఒక ఉదయం, రాత్రి, మర్నాడు ఉదయం. మొత్తం 24 గంటలు. మధ్యలో ఒకటి రెండుసార్లు నీళ్లు మార్చకపోతే పులిసిన వాసన వస్తుంది. బియ్యం సోనా మసూరి పచ్చిది అయితే సరిపోతుంది. బాస్మతి, ఉప్పుడు బియ్యం పనికిరావు.

ఆరీ ఆరకముందే అన్న మాటకి ఇంట్లో గంట పట్టవచ్చు. డెన్వర్ గాలి బాగా పొడిగా ఉంటుంది, బట్ట మీద పరిచిన బియ్యం పదిహేను ఇరవై నిమిషాల్లోనే ఎండిపోతుంది. కాబట్టి ఇక్కడ గడియారం కన్నా త్రాసు నమ్మదగ్గది. 250 గ్రాముల బియ్యం నాని, ఆరిన తర్వాత 310 గ్రాముల దరిదాపు ఉండాలి. 280కి పడిపోతే ఎక్కువ ఆరిందని గుర్తు, కొద్దిగా నీళ్లు చిలకరించి మూత పెట్టి ఉంచాలి. మిక్సీలో కొంచెం కొంచెంగా వేసి, సన్న జల్లెడ పట్టి, చెమ్మ పోకుండా గిన్నెలో నొక్కి మూత పెట్టుకోవాలి. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్దగా నిలిచి, వేలితో తాకితే విడిపోవాలి. అది సరైన పిండి.

ఉండ పాకం, థర్మామీటరు

పాకాలకి ఇంగ్లీషులో కూడా పేర్లున్నాయి. మిఠాయిలు చేసేవాళ్లు చక్కెర పాకాన్ని థర్మామీటరుతో చూస్తారు. మన తీగ పాకం, ఉండ పాకం, ముదురు పాకాలకి వాళ్ల మెట్లు దగ్గరగా ఉంటాయి. ఉండ పాకానికి సరిపోయేది సాఫ్ట్ బాల్ అనే మెట్టు, 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్. పిల్ల దగ్గర థర్మామీటరు ఉంది కాబట్టి ఈ అంకె రాసేస్తే సరిపోతుందనిపిస్తుంది. డెన్వర్‌లో సరిపోదు.

ఆ ఊరు సముద్రమట్టానికి 1,600 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ, నీళ్లు 95 డిగ్రీలకే మరుగుతాయి. పాకం కూడా అదే తేడాతో ముందే చిక్కబడుతుంది. తెనాలిలో 114 దగ్గర వచ్చే ఉండ, డెన్వర్‌లో 109 దగ్గరే వస్తుంది. 114 దాకా ఆగితే పాకం ముదిరి, అరిసె పంటికి రాయిలా తగులుతుంది. ఏ ఊళ్లో ఉన్నా పనికొచ్చే సూత్రం ఒకటి ఉంది. ముందు వట్టి నీళ్లు మరిగించి థర్మామీటరు ఎంత చూపిస్తుందో రాసుకోవాలి. దానికి 12 కలిపిన అంకె దగ్గర ఉండ పాకం మొదలవుతుంది, 16 కలిపితే దాటిపోతుంది.

అయినా ఆ అంకె హెచ్చరిక మాత్రమే. బెల్లం శుద్ధమైన చక్కెర కాదు. అందులో గ్లూకోజు, ఫ్రక్టోజు, ఖనిజ లవణాలు కొంత ఉంటాయి, పాత బెల్లానికీ కొత్త బెల్లానికీ తేడా ఉంటుంది. కాబట్టి థర్మామీటరు ఆ హద్దు చేరగానే అమ్మమ్మ పరీక్ష మొదలుపెట్టాలి. పళ్లెంలో చల్లటి నీళ్లు పోసి చుక్క పాకం వేయాలి. నీళ్లలో కరిగి పాకితే ఇంకా రాలేదు. వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండగా కూడి, నీళ్లలోంచి తీశాక చేతిలో నెమ్మదిగా చదునవుతుంటే సరిగ్గా వచ్చింది. పళ్లెం అంచుకి కొడితే టక్కున మోగిందంటే దాటిపోయింది. ఈ పరీక్షకి ఎత్తుతో, బెల్లం రకంతో నిమిత్తం లేదు. ముదిరిన పాకాన్ని పిండి వేయకముందే పట్టుకుంటే బాగుచేయవచ్చు. గరిటెడు నీళ్లు పోసి కరిగించి మళ్లీ పాకం పట్టాలి.

కట్టెలు లాగి దించవలెను అన్న లైను కూడా అచ్చంగా మార్చకూడదు. కట్టెలు వెనక్కి లాగితే మంట తగ్గుతుంది, దించితే ఆగుతుంది. ఎలక్ట్రిక్ కాయిల్ పొయ్యి ఆపేసినా చాలాసేపు వేడిగానే ఉంటుంది. స్విచ్ కట్టి గిన్నె అక్కడే ఉంచితే పాకం ముదురుతూనే ఉంటుంది. అందుకే గిన్నెని పొయ్యి మీద నుంచి పక్కకు తీసి చెక్క మీద పెట్టమని రాశాం.

పట్టినంత పిండి, ఘడియ సేపు

పిండికి అంకె వేయకపోవడం రాసినవాళ్ల లోపం కాదు. పిండిలో చెమ్మ, పాకం చిక్కదనం రోజురోజుకీ మారతాయి కాబట్టి ఎంత పడుతుందో కలిపేటప్పుడే తేలుతుంది. రెండు గుప్పెళ్లు పక్కన పెట్టి, మిగతాది కొంచెం కొంచెంగా పోస్తూ ఉండలు కట్టకుండా తిప్పాలి. వేడిగా ఉన్నప్పుడు చపాతీ పిండి కంటే కాస్త జారుగా ఉంటే ఆపేయాలి, చల్లారేసరికి బిగుస్తుంది. చివర్లో నెయ్యి, యాలకుల పొడి.

ఘడియ అంటే రోజులో అరవయ్యో వంతు, 24 నిమిషాలు. వాడుకలో కాస్సేపు అన్న అర్థమూ ఉంది. ఇక్కడ రెండూ కుదురుతాయి. చలిమిడి చేత్తో పట్టుకోగలిగినంత చల్లారడానికి ఇరవై నిమిషాలు, అరగంట మధ్య పడుతుంది. పూర్తిగా చల్లారనిస్తే వత్తడం కష్టం.

నూనె 170 డిగ్రీల దరిదాపు ఉండాలి. చిటికెడు చలిమిడి వేస్తే అడుగుకి వెళ్లి వెంటనే పైకి తేలాలి. బెల్లం త్వరగా నల్లబడుతుంది కాబట్టి అంతకు మించి కాగకూడదు. మొదట ఒక్కటే వేసి చూడాలి. చెదిరితే చలిమిడిలో ఆ పక్కన పెట్టిన పిండి కలపాలి. పగిలితే వేడి పాలు కొద్దిగా చిలకరించి మర్దించాలి. పొంగి రంగు మారగానే తీసి, రెండు చిల్లుల గరిటెల మధ్య వేడిగా ఉండగానే నొక్కితే నూనె కారిపోతుంది. చల్లారాక నొక్కితే విరుగుతుంది, నూనె లోపలే ఉండిపోతుంది.

మనవరాలికి పంపిన కాగితం

పూర్తి లెక్కతో మొదటిసారే చేయమనలేదు. నాలుగో వంతు లెక్క రాసి పంపాం, పది పన్నెండు అరిసెలు వస్తాయి. ఇంగ్లీషు కాగితంలో మూడు వరసలు పెట్టాం. మొదటి దాంట్లో అమ్మమ్మ మాట ఉన్నదున్నట్టు, రెండో దాంట్లో గ్రాములు, మూడో దాంట్లో కంటికి కనిపించే గుర్తు. అందులో ముఖ్యమైనవి ఇవి:

బియ్యం, అర తవ్వ: 250 గ్రాములు. నానబెట్టి ఆరాక 310 గ్రాములు.

బెల్లం, అర వీశెలో నాలుగో వంతు: 175 గ్రాములు. 50 మిల్లీలీటర్ల నీళ్లతో కరిగించి, ఇసుక లేకుండా వడకట్టాలి.

నువ్వులు, పావు గిద్దె: 11 గ్రాములు, ఒక టేబుల్ స్పూన్ నిండుగా.

నెయ్యి: 10 మిల్లీలీటర్లు, రెండు టీస్పూన్లు.

యాలకులు: మూడు కాయలు.

పాకం: డెన్వర్‌లో 107 డిగ్రీల నుంచి నీళ్ల పరీక్ష మొదలు. ఇంత తక్కువ బెల్లం నిమిషంలో ముదిరిపోతుంది కాబట్టి అడుగు మందంగా ఉన్న చిన్న గిన్నె వాడాలి, పిండి ముందే పక్కన సిద్ధంగా ఉండాలి.

కప్పుల్లో లెక్క రాయలేదు. అమెరికా కప్పు 237 మిల్లీలీటర్లు, అందులో బెల్లం తరుగు వదులుగా పోస్తే ఒక బరువు, నొక్కి పోస్తే ఇంకో బరువు. పాకం వంటల్లో ఆ తేడా దెబ్బతీస్తుంది. చిన్న త్రాసు కొనుక్కోవడమే మేలు.

చేసి పంపిన ఫొటోలో అరిసెలు కొంచెం ముదురు రంగులో ఉన్నాయి. "నూనె ఎక్కువ కాగింది, మంట తగ్గించమను," అంది పెద్దమ్మ ఫోన్ చూస్తూ. రెండో వాయిలో రంగు కుదిరింది.

మీ ఇంట్లోనూ ఇలాంటి నోట్‌బుక్కు ఉంటే, ఇంగ్లీషు చేయడానికి కూర్చునే ముందు మూడు పనులు చేయండి. రాసిన మనిషి ఏ ఊరివారో, ఆ రోజుల్లో ఏ ఊళ్లో సరుకులు కొనేవారో పేజీ మీద రాయించండి, సేరు లెక్క దాన్నిబట్టే తేలుతుంది. ఇంట్లో మిగిలిన సోల, గిద్దె, తవ్వ, గరిటెల్ని నీళ్లతో తూచి, ఆ బరువు పాత్ర అడుగున చెరగని ఇంకుతో రాయండి. వంట చేసే పెద్దవాళ్లు ఉండగానే ఒక్కసారి వాళ్ల చేత వండించి, వాళ్ల చేతి కొలతని త్రాసు మీద పెట్టి చూడండి. నోట్‌బుక్కు దాచుకుంటే దొరుకుతుంది, ఈ మూడు వివరాలు మాత్రం వాళ్లనే అడగాలి. ఈ ఆదివారమే అడగండి.